ఏటీపీ ఒక గోడలో, గ్లూకోజ్ మరో గోడలో: ప్రేగు కణంలో సోడియం-గ్లూకోజ్ కో-ట్రాన్స్‌పోర్ట్

భోజనం చేసిన కాసేపటికి చిన్న ప్రేగులో గ్లూకోజ్ దండిగా ఉంటుంది. ఆ సమయంలో అది కణంలోకి వెళ్లడం పెద్ద వింత కాదు. వింత ఆ తర్వాత మొదలవుతుంది. ప్రేగులో మిగిలిన గ్లూకోజ్ రక్తంలోని 5 మిల్లీమోలార్ల కంటే తగ్గిపోయాక కూడా కణం దాన్ని ఆఖరి బొట్టు దాకా లాగేసుకుంటూనే ఉంటుంది. అంటే పల్లం నుంచి మిట్టకు ఎక్కిస్తోంది. దానికి శక్తి కావాలి. ఆ శక్తి ఎక్కడ ఖర్చవుతోంది?

గ్లూకోజ్ లోపలికి వచ్చే వాహకం దగ్గరే ఏటీపీ ఖర్చవుతుందని పరీక్షల్లో రాసేవాళ్లు ఎక్కువ. అది తప్పు. ఖర్చు కణానికి అవతలి గోడలో, రక్తం వైపు జరుగుతుంది. అందుకే ఇక్కడ గ్లూకోజ్‌ను కాసేపు పక్కన పెట్టి, ముందు సోడియం వెంట నడుద్దాం.

రెండు ముఖాల కణం

ప్రేగు లోపలి పొరలోని శోషణ కణం నిలువుగా, స్తంభంలా ఉంటుంది. పై ముఖం ఆహారం వైపు తిరిగి ఉంటుంది. దాని మీద సూక్ష్మచూషకాలు కుచ్చుల్లా నిలబడి ఉంటాయి, అందుకే దానికి బ్రష్ బార్డర్ అని పేరు. అడుగు ముఖం, పక్క గోడలు కలిసి రక్తనాళాల వైపు ఉంటాయి. పక్కపక్క కణాలను పైభాగంలో టైట్ జంక్షన్లు బిగించి పట్టుకుంటాయి. ఈ జంక్షన్లు పై ముఖంలోని ప్రోటీన్లు అడుగు ముఖంలోకి జారిపోకుండా కంచెలా కూడా పనిచేస్తాయి. ఈ సంగతిని తేలిగ్గా వదిలేయొద్దు. రెండు ముఖాల్లో వేర్వేరు ప్రోటీన్లు ఉండబట్టే గ్లూకోజ్ ఒకే దిక్కుకు ప్రయాణిస్తుంది. రెండు వైపులా ఒకే రకం ప్రోటీన్లు ఉంటే ఈ ఏర్పాటంతా నిలవదు.

పై ముఖంలో సోడియాన్ని, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి మోసే వాహకం ఎస్‌జీఎల్‌టీ1 ఉంటుంది. అడుగు, పక్క గోడల్లో సోడియం-పొటాషియం పంపు, గ్లూకోజ్‌ను రక్తం వైపు వదిలే వాహకం గ్లూట్2 ఉంటాయి. బొమ్మ గీసేటప్పుడు ముందు ఈ మూడింటినీ వాటి చోట్ల పెట్టి, బాణాలు తర్వాత గీయండి. పంపును పై ముఖంలో గీస్తే మిగతా వివరణంతా తలకిందులవుతుంది.

మొదటి అడుగు: పంపు సోడియాన్ని బయటకు తోడుతుంది

పంపు ఒక్కో చుట్టుకు ఒక ఏటీపీని విడగొట్టి, 3 సోడియం అయాన్లను కణం బయటకు పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పని ఆగకుండా సాగడం వల్ల కణం లోపల సోడియం 10 నుంచి 15 మిల్లీమోలార్ల దగ్గరే ఉండిపోతుంది. బయట అది 140 దాకా ఉంటుంది. మరోవైపు పొటాషియం కణంలో పోగుపడి, కొంత ఛానెళ్ల గుండా బయటకు కారుతుంది. దాంతో కణం లోపలి వైపు రుణ విద్యుదావేశం నిలుస్తుంది. అంటే సోడియాన్ని లోపలికి లాగే బలాలు రెండు: గాఢతల తేడా ఒకటి, లోపలి రుణావేశం మరొకటి. రెండో బలాన్ని మరిచిపోయి గాఢత గురించి మాత్రమే రాస్తే సగం శక్తిని లెక్కలో వేయనట్టే.

రెండో అడుగు: ఎస్‌జీఎల్‌టీ1 ఒక చుట్టు తిరుగుతుంది

ఎస్‌జీఎల్‌టీ1 అనేది 664 అమైనో ఆమ్లాల ప్రోటీన్. త్వచాన్ని 14 సార్లు అటూ ఇటూ దాటుతుంది. దీన్ని అటూ ఇటూ తెరిచిపెట్టిన గొట్టంలా ఊహించుకోవద్దు. ఒకసారి ప్రేగు వైపు తెరుచుకుంటే కణం వైపు మూసి ఉంటుంది, కణం వైపు తెరిస్తే ప్రేగు వైపు మూసుకుంటుంది.

ముందుగా వాహకం ప్రేగు వైపు తెరిచి, ఖాళీగా ఉంటుంది. రెండు సోడియం అయాన్లు వచ్చి అతుక్కుంటాయి. అవి అతుక్కోగానే ప్రోటీన్ ఆకారం కొద్దిగా మారి, గ్లూకోజ్ కూర్చునే చోటు సిద్ధమవుతుంది. సోడియం లేకపోతే గ్లూకోజ్‌ను పట్టుకునే బలం బాగా పడిపోతుంది. అప్పుడు గ్లూకోజ్ వస్తుంది. మూడూ ఎక్కాక బయటి ద్వారం మూసుకుని లోపలి ద్వారం తెరుచుకుంటుంది. లోపల సోడియం కొరత కాబట్టి అయాన్లు విడిపోతాయి, గ్లూకోజ్ కూడా కణద్రవంలోకి దిగిపోతుంది. లోపల గ్లూకోజ్ ఎక్కువే ఉన్నా అది మళ్లీ ఎక్కడం కష్టం, ఎందుకంటే దానికి ముందు ఎక్కాల్సిన సోడియం అక్కడ తక్కువ.

చివరగా ఖాళీ వాహకం తిరిగి ప్రేగు వైపు తెరుచుకోవాలి. ఖాళీ వాహకం రుణావేశం ఉన్నట్టుగా ప్రవర్తిస్తుంది. అందుకే కణం లోపలి రుణావేశం దాన్ని బయటి వైపు తిప్పుతుంది. త్వచానికి రెండు వైపులా ఉన్న ఈ విద్యుత్ తేడా, అంటే త్వచ విభవం, తగ్గితే ఈ మలుపు నెమ్మదించి, చుట్టు మొత్తం నెమ్మదిస్తుంది.

ఈ వాహకం గాలాక్టోజ్‌ను కూడా మోస్తుంది. ఫ్రక్టోజ్‌ను మోయదు. ఫ్రక్టోజ్ పై ముఖంలోని గ్లూట్5 అనే మరో వాహకం గుండా, సోడియంతో పని లేకుండా, గాఢత వాలు వెంట వస్తుంది. పిండిపదార్థాలు, చక్కెరలు కూడా ముందు బ్రష్ బార్డర్ మీద ఉన్న మాల్టేజ్, సుక్రేజ్, లాక్టేజ్ లాంటి ఎంజైముల చేతిలో విడిపోయాకే ఇక్కడికి చేరతాయి.

రెండు సోడియంలు ఎందుకు?

లెక్క వేసి చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. ఒక కణంలో సోడియం 14, బయట 140 మిల్లీమోలార్లు అనుకుందాం. త్వచ విభవం లోపల మైనస్ 61 మిల్లీవోల్టులు. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర దాదాపు 61 మిల్లీవోల్టులు ఒక ఏకావేశ అయానుకు పది రెట్ల గాఢత తేడాతో సమానం. కాబట్టి ఒక్కో సోడియం అయాను గాఢత వల్ల పది రెట్లు, విభవం వల్ల మరో పది రెట్లు, మొత్తం వంద రెట్ల బలం తెస్తుంది.

```
1 Na+ : 10 × 10   = 100
2 Na+ : 100 × 100 = 10,000
```

ఒక్క సోడియంతోనే నడిస్తే కణం గ్లూకోజ్‌ను బయటికంటే వంద రెట్ల వరకే పోగుచేయగలదు. రెండుంటే ఆ హద్దు పది వేల రెట్లకు పెరుగుతుంది. ఇది సిద్ధాంతపరమైన గరిష్ఠం. అడుగు గోడ గుండా గ్లూకోజ్ బయటకు వెళ్లిపోతూనే ఉంటుంది కాబట్టి కణం ఎప్పుడూ అక్కడి దాకా చేరదు. అయినా ప్రేగులో అడుగంటిన కొద్దిపాటి గ్లూకోజ్‌ను కూడా వదలకపోవడానికి కారణం ఈ బలమే.

ఖర్చు కూడా చూద్దాం. మూడు గ్లూకోజ్‌లు వస్తే వాటితో ఆరు సోడియంలు వస్తాయి. ఆ ఆరింటినీ బయటకు తోడాలంటే రెండు ఏటీపీలు చాలు. అంటే గ్లూకోజ్‌కు మూడింట రెండు వంతుల ఏటీపీ. ఎస్‌జీఎల్‌టీ1 స్వయంగా ఏటీపీని ముట్టుకోదు, పంపు కట్టిన సోడియం వాలును వాడుకుంటుంది. అందుకే దీన్ని ద్వితీయ సక్రియ రవాణా అంటారు.

మూడో అడుగు: రక్తంలోకి

కణంలో గ్లూకోజ్ పెరిగి రక్తంలోని స్థాయిని దాటగానే గ్లూట్2 గుండా వాలు వెంట బయటకు జారుతుంది. ఇక్కడ శక్తి ఖర్చు లేదు, సోడియం తోడు కూడా లేదు. లోపలికి వచ్చిన సోడియం గ్లూట్2 గుండా పోదు, పంపు గుండానే పోతుంది. ఈ రెండు బాణాలనూ కలిపి ఒకే దారిలో గీయడం తరచూ కనిపించే పొరపాటు.

సోడియం, గ్లూకోజ్ రక్తం వైపు చేరడంతో అక్కడ ద్రవాభిసరణ బలం పెరుగుతుంది. నీరు వాటి వెంట వస్తుంది. క్లోరైడ్ కూడా విద్యుత్ సమతూకం కోసం అనుసరిస్తుంది. ఆహారంలో ఉప్పు తక్కువైనా ఈ పని ఆగదు, ఎందుకంటే జీర్ణరసాల్లోని సోడియం, జంక్షన్ల గుండా వెనక్కి జారే సోడియం ప్రేగులోకి చేరుతూనే ఉంటాయి.

దగ్గరగా చూడాలంటే

సోడియం, గ్లూకోజ్ జంటగా వెళ్తాయన్న ఆలోచనను జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో ప్రతిపాదించారు. 1987లో ఎస్‌జీఎల్‌టీ1 జన్యువును క్లోన్ చేశారు. ఉస్సింగ్ ఛాంబర్‌లో ఇదే విషయం కళ్లముందు కనిపిస్తుంది. ప్రేగు పొర ముక్కను రెండు గదుల మధ్య బిగించి, రెండు వైపులా రింగర్ అనే ఒకే లవణ ద్రావణం పోసి, 37 డిగ్రీల వద్ద ఆక్సిజన్ బుడగలు పంపుతూ, పొర గుండా అయాన్లు మోసే షార్ట్ సర్క్యూట్ కరెంట్ కొలుస్తారు. రీడింగ్ నిలకడ పడ్డాక ప్రేగు వైపు 10 మిల్లీమోలార్ గ్లూకోజ్ కలపాలి. అవతలి వైపు, వాహకం మోయని మానిటాల్‌ను అంతే గాఢతలో కలపాలి. లేదంటే వచ్చిన మార్పు ద్రవాభిసరణదో, రవాణాదో తేల్చుకోలేం. గ్లూకోజ్ పడగానే కరెంట్ పైకి లేస్తుంది. ఆ కరెంట్ కణంలోకి దూకుతున్న సోడియందే.

ఇప్పుడు ప్రేగు వైపు ఫ్లోరిజిన్ వేస్తే గ్లూకోజ్ లేపిన కరెంట్ పడిపోతుంది. ఎస్‌జీఎల్‌టీ1లో గ్లూకోజ్ కూర్చునే చోటును అది బయటి నుంచి ఆక్రమిస్తుంది. వోబెయిన్ పంపును ఆపుతుంది, కానీ దాన్ని రక్తం వైపు వేయాలి. అప్పుడు కరెంట్ ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గుతుంది, ఎందుకంటే లోపల సోడియం పోగుపడి వాలు కూలడానికి సమయం పడుతుంది. ఎలుక కణజాలంలో పంపు వోబెయిన్‌కు అంత సులభంగా లొంగదు, కాబట్టి గాఢత చాలా పెంచాల్సి వస్తుంది. ఇది తెలియక ఔషధం పాడైందనుకునే ప్రమాదం ఉంది. ద్రావణంలో సోడియానికి బదులు వాహకం వాడుకోలేని కోలీన్ పెడితే, గ్లూకోజ్ ఎంత కలిపినా కరెంట్ లేవదు.

ఎక్కడ దెబ్బతింటుంది

కలరా విషం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి క్లోరైడ్‌ను ప్రేగులోకి కుమ్మరింపజేస్తుంది, సోడియం, క్లోరైడ్ కలిసి శోషణయ్యే దారిని మూస్తుంది. అయితే ఎస్‌జీఎల్‌టీ1ను ముట్టుకోదు. ఓఆర్ఎస్ పనిచేసేది ఆ మిగిలిన తలుపు గుండానే. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే మిశ్రమంలో లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, నిర్జల గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. దీంతో సోడియం, గ్లూకోజ్ రెండూ 75 మిల్లీమోలార్ల చొప్పున, కరిగిన పదార్థాలన్నిటి గాఢత చెప్పే ఆస్మోలారిటీ మొత్తం లీటరుకు 245 మిల్లీఆస్మోల్‌లు అవుతుంది. పాత మిశ్రమంలో అది 311. నీళ్లు తక్కువ పోసినా, అదనంగా చక్కెర కలిపినా వాహకాలకు అందని గ్లూకోజ్ ప్రేగులో మిగిలి, నీటిని రక్తం నుంచి ప్రేగులోకే లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తీపి శీతల పానీయాలు దీనికి బదులు కాకపోవడానికీ కారణం అదే: చక్కెర ఎక్కువ, సోడియం బహు తక్కువ.

రోటావైరస్ లాంటి ఇన్ఫెక్షన్లలో మరో చిక్కు ఉంది. ప్రేగు గోడ నుంచి వేళ్లలా పొడుచుకొచ్చే చూషకాల చివరన ఉండే పక్వ కణాలే ఎస్‌జీఎల్‌టీ1ను మోస్తాయి. అవి రాలిపోతే వాహకాలూ తగ్గుతాయి. అయినా మిగిలిన కణాలతో ఓఆర్ఎస్ చాలామందిలో పనిచేస్తుంది.

ఎస్‌జీఎల్‌టీ1ను తయారుచేసే SLC5A1 జన్యువులో లోపంతో పుట్టిన శిశువులకు పరిస్థితి వేరు. వాళ్లకు వాహకమే పనిచేయదు. పాలలోని లాక్టోజ్ విడిపోయి గ్లూకోజ్, గాలాక్టోజ్ అవుతుంది, రెండూ ప్రేగులోనే మిగిలిపోతాయి. పాలు పట్టడం మొదలైన తొలి రోజుల నుంచే నీళ్ల విరేచనాలు, ప్రాణాంతకమైన నిర్జలీకరణం వస్తాయి. ఈ పిల్లలకు గ్లూకోజ్ ఉన్న ఓఆర్ఎస్ పట్టిస్తే విరేచనాలు హెచ్చుతాయి. ద్రవాలను సిర ద్వారా ఎక్కించి, గ్లూకోజ్, గాలాక్టోజ్, లాక్టోజ్, సుక్రోజ్ లేని, ఫ్రక్టోజ్‌తో చేసిన ఆహారానికి మార్చగానే విరేచనాలు ఆగుతాయి. గ్లూట్5కు సోడియం అక్కర్లేదు కాబట్టి ఆ దారి వాళ్లలో చెక్కుచెదరకుండా ఉంటుంది.