పెదనాన్న డిశ్చార్జ్ కాగితం, తెలుగులో

పెద్దమ్మా, అన్నయ్యా,

వాట్సాప్‌లో పంపిన మూడు పేజీలూ చదివాను. అందులో ఉన్నదే తెలుగులో రాస్తున్నాను. నేను సొంతంగా చెప్పేచోట "నా మాట" అని పెట్టాను. పెదనాన్నకీ చదివి వినిపించండి, దాచాల్సిందేమీ లేదు.

జబ్బు పేరు దగ్గర హార్ట్ ఫెయిల్యూర్ అని ఉంది. ఆ మాట చూసే కదా వదిన ఏడ్చింది! గుండె ఆగిపోయిందని కాదు. గుండె కండరానికి బలం తగ్గి రక్తాన్ని సరిపడా నెట్టలేకపోతోంది. దాంతో ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరింది. పడుకుంటే ఆయాసం, మూడు దిండ్లు పెట్టుకుని రాత్రంతా కూర్చోవడం అందుకే. 2019లో ఎటాక్ వచ్చినప్పుడు దెబ్బతిన్న భాగం సరిగా కదలడం లేదని ఎకోలో రాశారు. ఈసారి కొత్తగా ఎటాక్ ఏమీ రాలేదు.

ఈఎఫ్ 35 శాతం అంటే గుండె మూడో వంతే మిగిలిందని అనుకోకండి. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో, ఒకసారి కొట్టుకున్నప్పుడు ఎంత బయటికి పంపుతుందో అదీ ఆ లెక్క. ఏ జబ్బూ లేనివాళ్లకీ నూరు ఉండదు, 55 నుంచి 70 మధ్య ఉంటుంది. పెదనాన్నది తక్కువే. మందులు సరిగా వాడితే కొంత పెరగొచ్చు.

చేరినప్పుడు బరువు 71.5 కిలోలు, ఇంటికొచ్చేటప్పుడు 67. తగ్గిన నాలుగున్నర కిలోలూ నీరే, చిక్కిపోయారని కంగారుపడకండి. బీపీ 110/70 ఉంది, ఈ మందులమీద అది మంచి బీపీనే. చివర స్టేబుల్ అని రాశారు. నయమైపోయిందని కాదు, ఇంట్లో చూసుకునే స్థితికి వచ్చారని.

ఇక మందులు. 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి.

పొద్దున టిఫిన్ తిన్నాక: ఫ్యూరోసెమైడ్ 40, స్పైరోనోలాక్టోన్ 25 (రెండూ నీరు లాగేవి), మెటోప్రొలాల్ 25 (గుండె వేగం తగ్గించేది), డాపాగ్లిఫ్లోజిన్ 10 (షుగర్‌కీ గుండెకీ కలిపి), మెట్‌ఫార్మిన్ 500.
మధ్యాహ్నం అన్నం తిన్నాక: ఆస్పిరిన్ 75. మూడింటికి ఫ్యూరోసెమైడ్ ఇంకొకటి. సాయంత్రం దాటాక వేస్తే రాత్రంతా బాత్రూమ్‌కి లేస్తూనే ఉంటారు, చీకట్లో పడితే ఇంకో తంటా.
రాత్రి భోజనం తర్వాత: మెట్‌ఫార్మిన్ 500, రామిప్రిల్ 2.5, అటోర్వాస్టాటిన్ 40.

డాపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ని మూత్రంలోకి పంపేస్తుంది. కాబట్టి మూత్రపరీక్షలో షుగర్ కనిపిస్తే భయపడొద్దు. వాంతులో విరేచనాలో పట్టుకుని ఏమీ తినలేకపోతే మాత్రం, ఆ రోజు మందులు వేసే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. మెటోప్రొలాల్ అర్ధాంతరంగా ఆపకూడదు.

పాత బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఈ జాబితాలో లేదు. మర్చిపోయారేమోనని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాను. కావాలనే ఆపేశారట. డబ్బాలో మిగిలినవి తీసేయండి.

నీళ్లు రోజుకు లీటరున్నర. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోకే వస్తాయి. పొద్దున్నే సీసాలో కొలిచి పెట్టి, వేరేది ఏది తాగినా అంత నీళ్లు సీసాలోంచి తీసేస్తే లెక్క తప్పదు. సోడియం 2 గ్రాములు అని రాశారు. అంటే ఉప్పు 5 గ్రాములు, రోజు మొత్తం వంటకీ ఒక చిన్న చెంచా. పెద్దమ్మా, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఆయన కంచంలోకి రాకూడదు. నా మాట: తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది కొనకండి, అందులో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ వాడుతుంటే పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. కొబ్బరినీళ్లూ వద్దు.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి వాడొద్దని కాగితంలో పెద్దక్షరాల్లో ఉంది. అవి నీరు పట్టిస్తాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఇప్పటికే 1.4, కాస్త ఎక్కువే. నొప్పి మరీ ఉంటే పారాసెటమాల్ 500.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, బరువు చూసి క్యాలెండర్‌లో ఆ తేదీమీదే రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు దాటి పెరిగినా, పాదాలు వాచినా, దిండ్లు మళ్లీ ఎక్కువైనా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, గుండెలో నొప్పి వస్తే, స్పృహ తప్పితే, పెదాలూ నాలుకా వాస్తే ఎవరినీ అడగక్కర్లేదు, 108కి ఫోన్ చేయండి.

మళ్లీ చూపించాల్సింది 24వ తేదీ సోమవారం. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు అప్పుడు చేస్తారు. వాటికి పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ పెట్టి మాత్రలు వేసే తీసుకెళ్లు అన్నయ్యా. బరువులు రాసిన ఆ క్యాలెండర్, మందుల సంచీ రెండూ పట్టుకెళ్లు.