మీరందరు ఆదరణకు కర్తలు కారు

వాక్యభాగం: యోబు 2:11–13, 16:2

సంఘానికి వందనాలు. రెండో అధ్యాయం తెరిచి, పదహారో అధ్యాయం దగ్గర ఒక వేలు పెట్టుకోండి.

మెట్టుగూడలో మన అక్క ఇంట్లో ఆదరణ కూడిక జరిగి నెల దాటింది. పందొమ్మిదేళ్ల కొడుకు. ఎలా పోయాడో మీకందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. మూడు ఆదివారాలుగా ఆమె చర్చికి రావడం లేదు. వెళ్లి అడిగాను. "అయ్యగారూ, వస్తే అందరూ నాకు జవాబు చెప్తున్నారు. నేను ఎవర్నీ ఏమీ అడగలేదు కదా" అంది. ఈ మాట సంఘంలో చెప్పమంటావా అమ్మా అంటే, చెప్పండి అంది.

యోబు స్నేహితులు చెడ్డవాళ్లు కారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ కబురు విని, మాట్లాడుకుని, ఎవరి ఊరి నుంచి వాళ్లు బయల్దేరి వచ్చారు. దూరం నుంచి చూస్తే మనిషి ఆనవాలు దొరకలేదు. గట్టిగా ఏడ్చారు, బట్టలు చింపుకున్నారు, తలల మీద దుమ్ము పోసుకున్నారు. తర్వాత ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా అతనితోపాటు నేల మీద కూర్చున్నారు. కుర్చీల మీద కాదు, నేల మీద. మనం చావింటికెళ్లి అరగంట కాకముందే ఫోన్లో టైం చూసుకుంటాం!

మరి ఎక్కడ చెడింది? మూడో అధ్యాయంలో యోబు నోరు తెరిచాడు. నేను పుట్టిన రోజు లేకపోయినా బాగుండేదన్నాడు. ఆ మాట వాళ్లు తట్టుకోలేకపోయారు. ఆరో అధ్యాయంలో యోబే పట్టేశాడు: నా ఆపద చూసి మీకు భయమేస్తోందన్నాడు. నిజం. ఏ తప్పూ చేయనివాడికి ఇలా జరిగితే రేపు నా ఇంట్లోనూ జరగొచ్చు. ఆ భయం పోవాలంటే ఏదో ఒక కారణం దొరకాలి. వాళ్లు చెప్పిన కారణాలు యోబు కోసం కాదు, వాళ్ల నిద్ర కోసం.

ఎలీఫజు మర్యాదగానే మొదలుపెట్టాడు, నిరపరాధి ఎప్పుడైనా నశించాడా అని. జోఫరు, నీ పాపానికి దేవుడు తక్కువే వేశాడన్నాడు. వాళ్ల సంగతి వదిలేద్దాం. నాకు నిద్ర పట్టనివ్వనిది బిల్దదు మాట. నీ పిల్లలు పాపం చేశారేమో, దాని ఫలితం అనుభవించారన్నాడు. ఎవరితో అంటున్నాడు? పిల్లల విందులు అయ్యాక తెల్లవారుజామునే లేచి, నా పిల్లలు మనసులో ఏమైనా తప్పు తలచారేమోనని ఒక్కొక్కరి పేరున దహనబలి అర్పించిన తండ్రితో. ఆ పదిమంది మీద ఇల్లు కూలి ఇంకా ఎన్నాళ్లో కాలేదు.

మనం అంత మోటుగా అనం. "దేవుడు మంచి పువ్వునే కోసుకుంటాడమ్మా" అంటాం. "ఉపవాస ప్రార్థనలు మానేశారట కదా" అని చెవిలో వేస్తాం. "ఇంకో బిడ్డ ఉంది కదా" అంటాం. ఆఖర్లో దేవుడు యోబుకు గొఱ్ఱెలు, ఒంటెలు రెండింతలు ఇచ్చాడు. పిల్లల్ని మాత్రం మళ్లీ పదిమందినే ఇచ్చాడు. లెక్క ఎందుకు మారిందో ఇంటికెళ్లి ఆలోచించండి.

నా సంగతి కూడా చెప్పాలి. సమాధుల తోటలో ఆ పందొమ్మిదేళ్ల అబ్బాయి తండ్రి చేతిలో మట్టి ఉండగా, నేను భుజం తట్టి "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్నాను. ఇరవై ఏళ్లుగా ప్రతి భూస్థాపనలో చెప్తున్న వచనమే. ఆయన నా వైపు చూడలేదు. మట్టి కూడా వేయలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి మొదటి అధ్యాయం తీసి చూశాను. ఆ మాట అన్నది యోబు, తన పిల్లల గురించి, తన నోటితో. స్నేహితుల్లో ఎవరూ అనలేదు. పోగొట్టుకున్నవాడు అంటే అది ఆరాధన. పక్కన నిలబడి నేనంటే, ఆయన ఏడవకుండా నోరు మూయడమే. ఆ తండ్రిని క్షమించమని అడిగాను.

ఇప్పుడు పదహారో అధ్యాయం. "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు." మనం కూడికకు పెట్టుకున్న పేరు ఏంటి? ఆదరణ. వాళ్లు దేవుని పక్షానే వాదించారు, ఒక్క మాట నాస్తికంగా అనలేదు. అయినా నలభై రెండో అధ్యాయంలో దేవుని కోపం వాళ్ల మీదే రగిలింది. ఆయన మీదే కేకలేసిన యోబును మాత్రం "నా సేవకుడు" అన్నాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకుని యోబు దగ్గరికే వెళ్లండి, అతను మీకోసం ప్రార్థిస్తాడన్నాడు.

తర్వాత బంధువులు వచ్చారు. అతని ఇంట్లో అతనితో కూర్చుని అన్నం తిన్నారు. తలా ఒక వరహా, ఒక బంగారు ఉంగరం చేతిలో పెట్టారు.

సాయంత్రం ఐదింటికి నేను మెట్టుగూడ వెళ్తున్నాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇద్దరు రండి, చాలు. బైబిలు నా సంచిలోనే ఉంటుంది, ఆమె అడిగితేనే తీస్తాను. ఎవరైనా పప్పు, అన్నం క్యారేజీలో సర్దండి. చిన్నపాపకు పెరుగు కూడా పెట్టండి.