నీ డిబేట్ స్పీచ్ చదివాను, తమ్ముడూ

స్టాప్‌వాచ్ పెట్టుకుని రెండుసార్లు పైకి చదివాను. 4 నిమిషాల 52 సెకన్లు వచ్చింది, మీకిచ్చింది నాలుగు నిమిషాలే. కాబట్టి కోత తప్పదు, కానీ కోయాల్సింది నువ్వనుకుంటున్న చోట కాదు.

"బడిలో విద్యార్థుల మొబైల్ ఫోన్లు పూర్తిగా నిషేధించాలి" అనే వైపు నువ్వున్నావు. మొదలుపెట్టడమే పెద్దలకు నమస్కారాలు, తర్వాత ఫోన్ ఎలా పుట్టింది, మన జీవితాల్లోకి ఎలా వచ్చింది... దీనికే 35 సెకన్లు పోయాయి, నీ వాదన ఇంకా మొదలే కాలేదు. అదంతా తీసేసి, రెండో పేజీలో రాసిన ఆ వాక్యం ఉంది చూడు, "బెంచీ కింద ఒక ఫోన్ వెలిగితే ఆ వరుసంతా అటే చూస్తుంది" అని, దాంతో మొదలుపెట్టు. స్పీచ్ మొత్తంలో కళ్ల ముందు కనిపించేది అదొక్కటే. 35 సెకన్లు మిగులుతాయి.

ఇక నీ మూడు పాయింట్లలో మొదటిదీ రెండోదీ నిజానికి ఒకటే. ఏకాగ్రత పోతుందన్నావు, తర్వాత చదువు దెబ్బతింటుందన్నావు. రెండోది మొదటిదాని ఫలితమే కదా, కలిపి చెప్తే ఇంకో 40 సెకన్లు తగ్గి వాదన కూడా బిగుస్తుంది. క్లాస్ గ్రూపుల్లో ఏడిపించడం గురించిన మూడో పాయింట్ బాగుంది, ముట్టుకోకు.

నాకు భయమేసింది ఖండన దగ్గర. 12 సెకన్లలో "అత్యవసరమైతే ఆఫీసు ఫోన్ ఉంది" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశావు. అది సరైన జవాబే, కానీ అవతలివాళ్లు దాంతో ఆగరు, "నిషేధం ఎందుకు, నియంత్రణ చాలదా?" అని కచ్చితంగా అడుగుతారు. దానికి నీ దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు! పైగా ఫ్రాన్స్ పూర్తిగా నిషేధించిందని రాశావు. అక్కడి 2018 చట్టంలో పాఠం కోసం వాడుకోవడానికి, వైకల్యం ఉన్న పిల్లలకు మినహాయింపులున్నాయి. ఆ సంగతి ఎదుటివాళ్లు బయటపెడితే నీ ఉదాహరణ వాళ్ల ఖాతాలో పడుతుంది.

అందుకే నువ్వే ముందు చెప్పెయ్. షుగర్ రీడింగ్ ఫోన్‌లో చూసుకోవాల్సిన పిల్లాడికి మినహాయింపు ఉండాలి, అది మేమూ ఒప్పుకుంటాం, పాఠానికి కావాలంటే బడి ట్యాబ్ ఇస్తుంది, మిగతా అందరికీ నిషేధమే అని. వెంటనే "నియంత్రణ అంటే ఎవరు ఏం చూస్తున్నారో పీరియడ్ పీరియడ్‌కీ టీచర్ కాపలా కాయాలి, మరి పాఠం ఎవరు చెప్తారు?" అని అడుగు. ఈ ప్రశ్న అడిగాక రెండు సెకన్లు ఆగు, జడ్జీల వైపు చూడు.

దీనికి 15 సెకన్లు పెరిగినా మొత్తం 3:52 దగ్గర ఆగుతుంది. స్టేజీ మీద టెన్షన్‌లో వేగం పెంచకు, ఆ ఎనిమిది సెకన్లు ఊపిరి తీసుకోవడానికే. మార్చింది రాత్రికి పంపు, ఈసారి నువ్వు చదివి రికార్డ్ చేసి పంపు, నేను అవతలి పక్షంగా ప్రశ్నలేస్తాను.