నీటి ఆవిరితో గాలిని చల్లబరిచే కూలర్ నమూనా: ఆరు రకాల ప్యాడ్‌ల పోలిక

వైజ్ఞానిక ప్రదర్శన ప్రాజెక్టు నివేదిక, 10వ తరగతి, అనంతపురం

ఉద్దేశం

అనంతపురంలో మార్చి దాటిందంటే కూలర్ల దుకాణాల ముందు ఉడ్ వూల్ కట్టలు, తేనెపట్టు గదుల్లా ఉండే హనీకోంబ్ ప్యాడ్‌లు వరుసగా కనబడతాయి. కొనేవారు అడిగే ప్రశ్న ఒక్కటే: ఏది ఎక్కువ చల్లగా ఉంటుంది? దానికి జవాబు సాధారణంగా చేతిని కూలర్ ముందు పెట్టి చెబుతారు. ఒకే పెట్టె, ఒకే ఫ్యాను, ఒకే పంపు ఉంచి, ప్యాడ్ పదార్థాన్ని మాత్రమే మారుస్తూ, ఉష్ణోగ్రత ఎంత తగ్గిందో, గాలిలో తేమ ఎంత పెరిగిందో కొలిచి ఆ జవాబును అంకెల్లో చెప్పడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఉష్ణోగ్రత తగ్గుదల ఒక్కదానినే చూసి ప్యాడ్‌లకు వరుస ఇవ్వడం సరైనదేనా అని పరీక్షించడం కూడా ఇందులో భాగం.

ఆధారమైన సూత్రం

నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక కిలోగ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2430 కిలోజౌళ్ల బాష్పీభవన గుప్తోష్ణం అవసరమవుతుంది. తడి ప్యాడ్ గుండా పోయే గాలి ఈ వేడిని తన నుంచే ఇస్తుంది కాబట్టి అది చల్లబడుతుంది, అదే సమయంలో ఆవిరిని తనలో కలుపుకొంటుంది. అంటే ఏ.సి. మాదిరిగా కూలర్ గదిలోని వేడిని బయటికి తోసివేయదు. గాలిలో ఉష్ణోగ్రతగా కనిపించే వేడిని ఆవిరిలో దాగిన వేడిగా మారుస్తుంది, అంతే. కూలర్ నడిచేటప్పుడు ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే: తేమ నిండిన గాలి బయటికి పోకపోతే, కాసేపటికి ఆవిరయ్యే అవకాశమే తగ్గిపోతుంది.

ఈ చల్లదనానికి ఒక హద్దు ఉంది. బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచిన థర్మామీటరు ఎంత వరకు దిగుతుందో, ఇలాంటి కూలర్ నుంచి వచ్చే గాలి అంతకన్నా చల్లబడదు. ఆ రీడింగే తడి బల్బు ఉష్ణోగ్రత. కాబట్టి ఒక ప్యాడ్ పనితనాన్ని ఈ విధంగా లెక్కిస్తాం:

```
సామర్థ్యం (%) = (T1 − T2) / (T1 − Tw) × 100
```

ఇక్కడ T1 లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, T2 ప్యాడ్ దాటి వచ్చిన గాలి ఉష్ణోగ్రత, Tw తడి బల్బు ఉష్ణోగ్రత.

నమూనా తయారీ

మందపాటి థర్మాకోల్ పెట్టెకు ఒక పక్కన 20 సెంటీమీటర్ల చదరపు కిటికీ కోసి, దానికి ఎదురుగా 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యానును గాలిని బయటికి లాగేలా అమర్చాము. ఇనుప జాలీతో 5 సెంటీమీటర్ల మందం ఉన్న చట్రం చేసి, అన్ని పదార్థాలనూ ఆ చట్రంలోనే నింపాము. పైన సన్నని రంధ్రాలు పొడిచిన పీవీసీ గొట్టం, అడుగున తొట్టి, అందులో చేపల తొట్టెలకు వాడే చిన్న పంపు ఉన్నాయి. చట్రానికీ పెట్టెకూ మధ్య సందులుంటే పొడి గాలి పక్క నుంచి దూరి లెక్కనంతా పాడుచేస్తుంది కనుక, ఆ అంచులను స్పాంజి పట్టీతో మూశాము.

పరీక్షించిన పదార్థాలు: హనీకోంబ్ కాగితపు ప్యాడ్, వట్టివేరు, ఉడ్ వూల్, మూడు మడతల గోనెసంచి, కొబ్బరి పీచు, వేరుశనగ పొట్టు. చివరిదాన్ని ఎంచుకోవడానికి కారణం మా జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. కాయలు ఒలిచే మిల్లు దగ్గర అది గుట్టలుగా దొరుకుతుంది, అది పనికొస్తే ప్యాడ్ ఖర్చే ఉండదు. కొబ్బరి పీచును ముందుగా రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టాము, లేకపోతే తొట్టిలో నీరు టీ రంగుకు తిరుగుతుంది.

కొలిచిన పద్ధతి

ప్యాడ్ ముందు పొడి బల్బు, తడి బల్బు థర్మామీటర్లను, ఫ్యాను దాటిన తర్వాత మరో జతను నీడలో ఉంచాము. సాపేక్ష ఆర్ద్రతను ఈ జతల తేడా నుంచి పట్టిక ద్వారా లెక్కించి, డిజిటల్ మీటరును సరిచూసుకోవడానికి మాత్రమే వాడాము. ఫ్యాను గాలితో వచ్చే ఒక్క నీటి తుంపర సెన్సార్ మీద పడినా ఆ మీటరు చాలాసేపు 99 దగ్గరే నిలిచిపోతుంది, అందుకే దాన్ని గాలి ధారకు కొంచెం పక్కగా పెట్టాము.

ట్యాంకు నుంచి తెచ్చిన నీరు మొదట వేడిగా ఉంటుంది. పంపు అదే నీటిని తిప్పుతూ ఉండగా అది క్రమంగా తడి బల్బు ఉష్ణోగ్రతకు దగ్గరగా దిగి, 24, 25 డిగ్రీల మధ్య స్థిరపడింది. అది స్థిరపడిన తర్వాతే రీడింగులు తీసుకున్నాము. ప్రతి ప్యాడ్‌నూ ఏప్రిల్ మధ్యాహ్నాల్లో వేర్వేరు రోజుల్లో పరీక్షించి, బయటి గాలి 38 డిగ్రీల దగ్గర, తడి బల్బు 23.5 డిగ్రీల దగ్గర, ఆర్ద్రత సుమారు 30 శాతం ఉన్న సమయాల రీడింగులనే పోల్చాము.

ఆవిరైన నీటి లెక్క కొంచెం ఓపిక కోరుతుంది. పంపు ఆపగానే ప్యాడ్‌లోని నీరు కిందికి కారుతుంది కాబట్టి, ప్రతిసారీ కారడం ఆగిన తర్వాతే తొట్టి మీది గీత దగ్గర నీటిమట్టం చూసి, అరగంట నడిచాక మళ్లీ ఆ గీత వరకు కొలజాడీతో నీరు పోసి, పోసినంత నీరూ ఆవిరైనట్టు లెక్కించాము. ప్యాడ్‌కు నీరు పెట్టకుండా ఫ్యానును మాత్రమే నడిపి చూసినప్పుడు ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, కనుక కింది తగ్గుదల అంతా నీటి వల్ల వచ్చినదే.

ఫలితాలు

| ప్యాడ్ | బయటికి వచ్చిన గాలి (°C) | తగ్గుదల (°C) | ఆర్ద్రత (%) | సామర్థ్యం (%) | అరగంటలో ఆవిరైన నీరు (మి.లీ.) |
|---|---|---|---|---|---|
| హనీకోంబ్ | 28.6 | 9.4 | 66 | 65 | 160 |
| వట్టివేరు | 29.3 | 8.7 | 62 | 60 | 130 |
| ఉడ్ వూల్ | 30.0 | 8.0 | 58 | 55 | 125 |
| గోనెసంచి | 31.2 | 6.8 | 53 | 47 | 70 |
| కొబ్బరి పీచు | 31.8 | 6.2 | 50 | 43 | 110 |
| వేరుశనగ పొట్టు | 33.6 | 4.4 | 43 | 30 | 40 |

మా థర్మామీటర్లలో అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు. ఆ లెక్కన వట్టివేరు, ఉడ్ వూల్‌లలో ఏది మేలో ఈ పట్టికతో తేల్చలేము. ఆ రెండూ ఒకే స్థాయివని అనుకోవడమే న్యాయం.

చర్చ

హనీకోంబ్ దగ్గర ఆర్ద్రత 30 నుంచి 66 శాతానికి, అంటే రెట్టింపుకు మించి పెరిగింది. దీన్ని చూసి గాలిలో ఆవిరి కూడా రెట్టింపైందని అనుకోకూడదు. లెక్క వేస్తే, లోపలికి వచ్చిన ప్రతి కిలోగ్రాము గాలిలో దాదాపు 12.9 గ్రాముల ఆవిరి ఉండగా, బయటికి వచ్చేటప్పుడు అది 16.9 గ్రాములైంది; పెరుగుదల మూడో వంతు కూడా లేదు. చల్లబడిన గాలి ఇముడ్చుకోగల ఆవిరి పరిమితి తగ్గడం వల్లనే శాతం అంతగా ఎగబాకింది.

ఈ 4 గ్రాముల తేడాతో మరో ఉపయోగం ఉంది. అరగంటలో 160 గ్రాముల నీరు ఆవిరైంది, కిలోగ్రాము గాలి 4 గ్రాములు తీసుకెళ్లింది అంటే, సెకనుకు సుమారు 22 గ్రాముల గాలి ప్యాడ్ గుండా పోయిందన్నమాట. గాలి వేగం కొలిచే పరికరం మా దగ్గర లేకపోయినా, నీటి జాడీయే ఆ పని చేసిపెట్టింది. ఇదే లెక్కను అన్ని ప్యాడ్‌లకూ వేసినప్పుడు మేము ఊహించనిది బయటపడింది. కొబ్బరి పీచు గుండా సెకనుకు 23 గ్రాముల గాలి పోగా, గోనెసంచి గుండా 13 గ్రాములే పోయింది. నార తడిసి ఉబ్బడంతో గోనె కన్నాలు మూసుకుపోయి, ఫ్యాను గాలి కోసం ఎగపీలుస్తున్నట్టు శబ్దం మారడం కూడా వినిపించింది.

ఉష్ణోగ్రత తగ్గుదలను మాత్రమే చూస్తే గోనెసంచి (6.8) కొబ్బరి పీచు (6.2) కన్నా ముందుంది. గాలి పరిమాణాన్ని కూడా కలిపి, ప్రతి సెకనుకు గాలి నుంచి తీసిన వేడిని లెక్కిస్తే వరుస తిరగబడుతుంది: గోనెసంచి సుమారు 90 వాట్లు, కొబ్బరి పీచు సుమారు 145 వాట్లు. హనీకోంబ్‌కు ఇది 210 వాట్ల దగ్గర, వట్టివేరు, ఉడ్ వూల్‌లకు 165 వాట్ల దగ్గర ఉంది. గోనె కూలర్ ముందు చేయి పెడితే చల్లగానే ఉంటుంది, గది మాత్రం ఆలస్యంగా చల్లబడుతుంది. అందువల్ల తగ్గుదలతో పాటు ఆవిరైన నీటిని కూడా కొలవని పోలికను మేము నమ్మదగినదిగా భావించడం లేదు.

వేరుశనగ పొట్టు విషయంలో ఆశ ఫలించలేదు. పైపెంకు నీటిని పీల్చుకోకుండా జారవిడిచింది, పెంకులు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని కిందికి కుంగడంతో చట్రం పైభాగంలో ఖాళీ ఏర్పడింది, గాలి ఆ ఖాళీ నుంచి పొడిగానే దాటిపోయింది. ఉన్నది ఉన్నట్టుగా అది ప్యాడ్‌గా పనికిరాదు. పొట్టును నలగ్గొట్టి, పలుచని అరలుగా జాలీ మధ్య నింపి చూడటం తదుపరి ప్రయత్నం.

సెప్టెంబరులో వాన కురిసిన ఒక రోజు హనీకోంబ్‌నే మళ్లీ నడిపాము. ఆ రోజు బయటి గాలి 30 డిగ్రీలు, ఆర్ద్రత 78 శాతం, తడి బల్బు 26.8 డిగ్రీలు. తగ్గుదల 2.1 డిగ్రీలే వచ్చింది, బయటికి వచ్చిన గాలిలో ఆర్ద్రత 92 శాతానికి చేరింది. సామర్థ్యం మాత్రం 66 శాతం, అంటే ఏప్రిల్‌లో ఉన్నంతే. ప్యాడ్ తన పని తాను చేసింది, గాలిలోనే చోటు లేదు.

వాడకంలో గమనించినవి రెండు. మా బోరు నీరు గట్టినీరు కావడంతో, ఆవిరైన నీరు వదిలివెళ్లిన ఉప్పు హనీకోంబ్ అంచుల మీద తెల్లని పొరగా పేరుకుంది, కాబట్టి తొట్టి నీటిని అప్పుడప్పుడు పూర్తిగా మార్చాలి. వారానికి ఒకసారైనా తొట్టిని ఆరబెట్టకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ప్రదర్శనలో నమూనా అమరిక

ప్రదర్శన జరిగేది డిసెంబరులో, అదీ జనం నిండిన హాలులో. ఏప్రిల్ నాటి 9 డిగ్రీల తగ్గుదల అక్కడ రాదు. అందుకని బల్ల మీద కూలర్ పక్కనే తడి బల్బు థర్మామీటరును ఉంచి, ఆ సమయపు మూడు రీడింగులను సందర్శకులే చదివి, పలక మీద రాసి ఉన్న సూత్రంలో పెట్టి సామర్థ్యాన్ని లెక్కించేలా ఏర్పాటు చేశాము. హనీకోంబ్, గోనెసంచి, కొబ్బరి పీచు చట్రాలను అక్కడికక్కడే మార్చి చూపుతాము. ఫ్యాను ఎదుట దారంతో వేలాడదీసిన పలుచని కాగితపు ముక్క గోనె పెట్టినప్పుడు ఎంత తక్కువగా ఎగురుతుందో పక్కనున్న స్కేలు మీద చదవవచ్చు.