నిన్న రామప్ప గుడి దగ్గర

హాయ్ అండీ, ఇంటికి బాగానే చేరారా? బస్సు దిగేటప్పుడే ఒక మాట చెబుదామనుకున్నాను గానీ, అందరూ బ్యాగుల గోలలో ఉన్నారు. కాస్త పెద్ద మెసేజే, తీరిగ్గా చదవండి.

గుడి గురించి మీరు చాలా బాగా చెప్పారని ఈపాటికి గ్రూపులో అందరూ అనేశారు. 1213 నాటి శాసనం, రేచర్ల రుద్రుడు, నీళ్లలో తేలే ఇటుకలు, అన్నీ కాగితం చూడకుండా చెప్పారు మరి. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి.

మేమంతా మదనికల దగ్గర ఫొటోలు దిగుతుంటే మీరు కనబడలేదు. మోకాళ్ల నొప్పితో లోపలికి రాలేక చెట్టు నీడన కూర్చున్న అకౌంట్స్ మేడమ్ వాళ్ల అత్తగారి పక్కన ఉన్నారు. నీళ్ల సీసా ఇవ్వడానికి వచ్చి నేనూ అక్కడే ఆగిపోయాను. పునాది గుంతలో ఇసుక నింపి దానిమీద గుడి కట్టారని, ఆ ఇసుకలో బెల్లం, కరక్కాయ కూడా కలిపారంటారని ఆవిడకి చెబుతున్నారు. ఆవిడ ఉన్నట్టుండి, "మా పుట్టింట్లో గానుగ సున్నంలోనూ అవే వేసేవాళ్లమ్మా" అన్నారు.

ఇంకెవరైనా అయితే "అవునా" అని తలూపి మళ్లీ కాకతీయుల్లోకి వెళ్లిపోయేవాళ్లు. మీరు గుడిని అక్కడే వదిలేసి, "కరక్కాయలు దంచి వేసేవాళ్లా, నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లా అమ్మమ్మా?" అని అడిగారు. ఇక ఆవిడ ఆగితే కదా! గానుగ తిప్పే ఎద్దులు, గోడ నున్నగా వచ్చేదాకా మేస్త్రీని వదలని వాళ్ల నాన్న... మీరేమో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చున్నారు. గ్రూప్ ఫొటోకి పిలిచినా లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు జనగామ దాటేదాకా ఆవిడ బస్సులో సున్నం కబుర్లే చెప్పారు, చూశారుగా.

మీటింగుల్లోనూ అంతే. కొత్తగా చేరిన అబ్బాయి ఏదో అనబోయి ఆగిపోతే, "నువ్వేదో చెబుతున్నావు" అని అతని వైపు తిరిగేది మీరే. అది మర్యాద కోసం అనుకునేవాణ్ని. నిన్న చూశాక తెలిసింది, మీకు నిజంగానే వినాలని ఉంటుందని. తెలిసినవాళ్లలో ఆ గుణం నేను పెద్దగా చూడలేదు.

దాచడం దేనికి, మీరంటే నాకు ఇష్టం. దీనికి ఏం జవాబివ్వాలా అని టెన్షన్ పడకండి. రేపు ఆఫీసులో నేను మామూలుగానే ఉంటాను, ఫైళ్ల గురించే మాట్లాడతాను. మీకు సరే అనిపిస్తే మాత్రం ఒకరోజు సాయంత్రం టీకి వెళ్దాం. రామప్ప చెరువు గురించి బస్సులో మొదలుపెట్టి సగంలో ఆపేశారు. మిగతా సగం బాకీ ఉన్నారు.