అసెప్టిక్ లైన్ బృందానికి అభినందన పత్రం

చిత్తూరు,
14 జూలై 2025

విషయం: కొత్త ఫిల్లింగ్ లైన్ ఏర్పాటు – సర్వీసు రికార్డులో నమోదు కోసం

ప్రియమైన సహోద్యోగులకు,

తోతాపురి కాయ రావడం మొదలయ్యేలోపు పల్ప్ ప్లాంటులో కొత్త అసెప్టిక్ లైన్ సిద్ధం చేయాలని మార్చి 3న మీకు అప్పగించాం. గడువు మే 31. మీరు మే 27కే పూర్తిచేశారు. ఆ 86 రోజుల్లో ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు.

మే 19 రాత్రి నీళ్లతో ట్రయల్ వేస్తుండగా హోల్డింగ్ ట్యూబ్‌లో వేడి నిలకడగా లేదని ఆపరేటర్ మునిరత్నం గమనించారు. ఒక రీడింగ్ సరిగ్గా వచ్చిందని వదిలేయకుండా, ఐదు నిమిషాలకోసారి తెల్లవారేదాకా రాసిపెట్టారు. ఆ కాగితాన్ని బట్టే ఫోర్‌మన్ సుబ్రమణ్యం లోపం స్టీమ్ వాల్వులో ఉందని పట్టుకుని, మర్నాడే మార్పించారు. ఇదే సీజన్ మధ్యలో బయటపడి ఉంటే రైతుల ట్రాక్టర్లు గేటు బయట ఎండలో నిలబడేవి. పండిన కాయ ఆగదు. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పని అదే.

ల్యాబ్ కెమిస్ట్ హేమలత తొలి 40 డ్రమ్ముల నమూనాలను ఇంక్యుబేషన్‌లో ఉంచి, ఫలితం వచ్చేదాకా ఒక్కటీ బయటికి పంపనివ్వలేదు. తొందరపెట్టినవారిలో నేనూ ఉన్నాను. ఆమె నిర్ణయమే సరైనది. ఒక్క బ్యాగూ ఉబ్బలేదు.

గాస్కెట్లు అందక పని ఆగే పరిస్థితిలో స్టోర్స్ నుంచి బాషా చెన్నై వెళ్లి స్వయంగా తెచ్చారు.

ఈ పత్రం నకలును నలుగురి సర్వీసు ఫైళ్లలోనూ చేర్చి, వచ్చే పదోన్నతుల సమయంలో పరిగణించాలని పర్సనల్ విభాగాన్ని కోరుతున్నాను. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

ప్లాంట్ మేనేజర్