చిత్తూరు నీవాతీరం ఫుడ్స్ నుంచి పరిచయం: వేరుశనగ చిక్కీ, బెల్లం పొడి, గానుగ నూనె పంపిణీకి ఆహ్వానం

చిత్తూరు,
19 జనవరి 2026

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు, పుత్తూరు ప్రాంతాల ఫుడ్ డిస్ట్రిబ్యూటర్లకు,

నమస్కారం.

మీకు మేము కొత్త. మాది చిత్తూరులో పెనుమూరు రోడ్డు మీద ఈ మధ్యే మొదలైన చిన్న తయారీ యూనిట్. వేరుశనగ చిక్కీ, నువ్వుల చిక్కీ, బెల్లం పొడి, గానుగ వేరుశనగ నూనె తయారు చేస్తున్నాం. ఇప్పటికే కిరాణా కొట్లకు, బేకరీలకు, బస్టాండు అంగళ్లకు బిస్కెట్లో, స్నాక్సో వేస్తున్న డిస్ట్రిబ్యూటర్ల కోసం చూస్తున్నాం. ఊరికి ఒక్కరే, తిరుపతిలో మాత్రం ఇద్దరు. మా సరుకుకు కోల్డ్ స్టోరేజీ, ప్రత్యేక బండి అక్కర్లేదు. మీ సేల్స్‌మన్ ఇప్పుడు తిరుగుతున్న లైన్‌లోనే ఇది కూడా వెళ్తుంది.

ధరలు, షరతులు అన్నీ ఈ ఉత్తరంలోనే రాస్తున్నాను. "రేట్లు ఫోన్‌లో మాట్లాడదాం" అనే పద్ధతి నాకు నచ్చదు. మీ టైం విలువైనది. లెక్క చూసుకుని కుదురుతుందనిపిస్తేనే శాంపిల్ అడగండి.

ముందు సరుకు సంగతి. ఈ ఖరీఫ్‌లో పుంగనూరు, పలమనేరు వైపు పండిన శెనక్కాయలే కొన్నాం. కాయలు బాగా ఎండాకే గోడౌన్‌లోకి తీసుకుంటాం. చెమ్మ ఉన్న కాయకు బూజు పడుతుంది, ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం గింజలో చేరుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు. అందుకే ప్రతి కొత్త లాట్ పప్పునూ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపి, రిపోర్టు వచ్చాకే వాడుతున్నాం. మీకు వచ్చే శాంపిల్ పెట్టెలో ఆ లాట్ రిపోర్టు కాపీ కూడా ఉంటుంది. పిల్లలు తినే వస్తువు కాబట్టి ఈ ఖర్చు తగ్గించుకునే ఆలోచన మాకు లేదు.

బెల్లం చిత్తూరు చుట్టుపక్కల రైతుల దగ్గరే తీసుకుంటాం. మార్కెట్లో పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి గిరాకీ ఎక్కువని మీకు తెలుసు. ఆ రంగు కోసం వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. అలాంటి బెల్లం మేము కొనం. కాబట్టి మా చిక్కీ, మా బెల్లం పొడి కాస్త ముదురు రంగులో ఉంటాయి. "పాత స్టాకా?" అని కొట్లో ఎవరైనా అడగొచ్చు. అందుకే రంగు ఎందుకు అలా ఉందో ప్యాకెట్ వెనక రెండు లైన్లలో తెలుగులోనూ తమిళంలోనూ వేయించాం. నగరి, పుత్తూరు వైపు తమిళం చదివే కస్టమర్లు ఎక్కువ కదా.

గానుగ నూనె విషయంలో దాపరికం లేకుండా చెప్పాలి. మాది మోటారుతో తిరిగే చెక్క గానుగ. తీసిన నూనెను స్టీలు ట్యాంకుల్లో ఉంచి, మడ్డి అడుక్కి దిగాక వడకట్టి నింపుతాం. రిఫైన్డ్ నూనెతో ధరలో ఇది పోటీ పడలేదు. ఒక లీటరుకు రెండు కిలోలకు పైగానే పప్పు పడుతుంది, మిగిలిన వేరుశనగ చెక్క అమ్మితే వచ్చేది కొంతే. కాబట్టి ప్రతి కొట్టుకూ నూనె వేయమని మేము అడగం. మంచి నూనె అడిగే కస్టమర్లు ఉన్న కొట్లు ఏవో మీ సేల్స్‌మన్‌కే తెలుస్తుంది, అక్కడ మాత్రం పెట్టండి. మొదట అమ్మకం కదిలేది పది రూపాయల చిక్కీతోనే అని నా నమ్మకం.

ఇక ధరలు. కింద వరుసగా మీకు పడే ధర, మీరు కొట్టుకు వేసే ధర, ఎమ్మార్పీ ఇచ్చాను. అన్నిటిలోనూ 5 శాతం జీఎస్టీ కలిసే ఉంది, బిల్లులో పన్ను విడిగా కనిపిస్తుంది.

వేరుశనగ చిక్కీ 30 గ్రాములు: 7.20, 8.00, 10 రూపాయలు. డబ్బాకు 50, అంటే డబ్బా మీకు 360.
వేరుశనగ చిక్కీ 200 గ్రాములు: 60, 66, 80.
నువ్వుల చిక్కీ 200 గ్రాములు: 71, 78, 95.
బెల్లం పొడి 500 గ్రాములు: 47.50, 51, 60.
గానుగ వేరుశనగ నూనె అర లీటరు: 152, 160, 175.
గానుగ వేరుశనగ నూనె 1 లీటరు: 296, 312, 340.
గానుగ వేరుశనగ నూనె 5 లీటర్ల క్యాన్: 1,450, 1,525, 1,650.

లీటరు నూనె అంటే లీటరే, తూకంలో సుమారు 910 గ్రాములు. సీసా మీద రెండూ వేశాం. లీటరు సీసాలా కనిపిస్తూ లోపల తక్కువ ఉండే ప్యాకింగ్ మేము చేయం.

ఇందులో మీకు మిగిలేది ఎంత? చిక్కీలో మీ పెట్టుబడి మీద సుమారు 10 నుంచి 11 శాతం దాకా, బెల్లం పొడిలో 7 శాతం పైన, నూనెలో 5 శాతం పైన. మొదటి ఆర్డర్‌గా పది రూపాయల చిక్కీ 4 డబ్బాలు, 200 గ్రాముల వేరుశనగ చిక్కీ 48, నువ్వుల చిక్కీ 24, బెల్లం పొడి 60, లీటరు నూనె 12 సీసాలు తీసుకున్నారనుకుందాం. బిల్లు 12,426 రూపాయలు. అంతా కొట్లకు వెళ్తే తేడా 1,018 రూపాయలు, అందులో జీఎస్టీ పోగా మీకు సుమారు 970 మిగులుతాయి. దీనికోసమే విడిగా బండి తిప్పితే గిట్టుబాటు కాదు, ఉన్న లైన్‌లో కలిపితేనే లాభం. అందుకే ఈ ఉత్తరం ఇప్పటికే లైన్ నడుపుతున్న వాళ్లకు రాస్తున్నాను.

నెలలో మీ కొనుగోలు లక్ష రూపాయలు దాటితే మొత్తం మీద 2 శాతం, రెండున్నర లక్షలు దాటితే 3 శాతం క్రెడిట్ నోట్ ఇస్తాం. తర్వాతి నెల మొదటి బిల్లులోనే అది తగ్గుతుంది. "టార్గెట్ కొట్టలేదు" అని ఆపే లెక్క కాదు, దాటిన నెలకు దాటినట్టే. ఫ్రీ గిఫ్టులు, టూర్లు లాంటి స్కీములు పెట్టడం లేదు. ఆ డబ్బు ధరలోనే తగ్గించాం.

డిపాజిట్ ఏమీ అడగం. మొదటి మూడు బిల్లులకు సరుకు దిగేటప్పుడు డబ్బు ఇవ్వాలి, నాలుగో బిల్లు నుంచి 14 రోజుల క్రెడిట్. బిల్లు 12,000 దాటితే పైన రాసిన ఊళ్లకు రవాణా మాదే. అంతకన్నా తక్కువైతే ట్రాన్స్‌పోర్టు ఖర్చు చెరి సగం.

కొత్త కంపెనీ సరుకు ఎత్తితే కదలకపోతే ఎట్లా అన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. మా చిక్కీకి గడువు తయారైన రోజు నుంచి 4 నెలలు, బెల్లం పొడికి, నూనెకు 6 నెలలు. మా దగ్గర తయారై 15 రోజులు దాటిన చిక్కీని మీకు పంపం. మొదటి ఆర్డర్‌లో 45 రోజులకు కూడా కదలని సరుకు ఉంటే, ప్యాకింగ్ చెడకుండా ఉన్నంతవరకు వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇస్తాం. ఆ తర్వాతి ఆర్డర్లలో గడువుకు 30 రోజులు ముందుగా చెబితే, మీ నెల కొనుగోలులో 2 శాతం వరకు మార్చి ఇస్తాం. దారిలో పగిలినవి, నలిగినవి ఉంటే 48 గంటల్లో ఫోటో పెట్టండి చాలు, ఆ మొత్తం క్రెడిట్ అవుతుంది. వానాకాలంలో గాలి తగిలితే చిక్కీ జిగట పట్టి మెత్తబడుతుంది. దానికోసమే పల్చని కవరు కాకుండా లామినేటెడ్ కవరు వాడాం. అయినా కొట్లలో గాజు సీసాలోకి విడిగా పోసి అమ్మవద్దని మీ వాళ్లతో చెప్పించండి.

మీ ఊళ్లో మీరు డిస్ట్రిబ్యూటర్ అయ్యాక అక్కడ ఏ కొట్టుకూ మేము నేరుగా సరుకు వేయం. ఎవరైనా మమ్మల్ని అడిగితే మీ నంబరే ఇస్తాం. యూనిట్ దగ్గర చిన్న కౌంటర్ ఉంది, అక్కడ ఎమ్మార్పీకే అమ్ముతాం. తిరుపతి పెద్దది కాబట్టి అలిపిరి, బస్టాండు, రైల్వే స్టేషన్ వైపు ఒకరికి, మిగతా టౌనుకు ఒకరికి ఇవ్వాలనుకుంటున్నాం. నడిచి కొండెక్కే భక్తులకు చేతిలో పట్టే 30 గ్రాముల చిక్కీ బాగా సరిపోతుంది. ఒక మాట మాత్రం ముందే చెబుతున్నాను, మా ప్యాకెట్ల మీద స్వామివారి బొమ్మ గానీ, ప్రసాదం అన్న మాట గానీ వేయలేదు, వేయం. తిన్నాక కవరు కింద పడేస్తారు, దాని మీద దేవుడి బొమ్మ ఉండడం నాకు ఇష్టం లేదు.

ఈ ధరలు మార్చి 31 వరకు మారవు. ఆ తర్వాత శెనక్కాయల రేటును బట్టి నూనె ధర మారొచ్చు. మారితే 10 రోజుల ముందు చెబుతాం. అప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు పాత ధరే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కాపీలు శాంపిల్‌తో పాటే పంపుతాం. లైసెన్సు నంబరు, నికర బరువు, తయారీ తేదీ, ఎమ్మార్పీ అన్నీ ప్రతి ప్యాకెట్ మీదా ఉంటాయి. తనిఖీకి వచ్చినప్పుడు మీ కొట్టువాళ్లు ఇబ్బంది పడే అవకాశం ఇవ్వకూడదనే జాగ్రత్త పడ్డాం.

శాంపిల్ పెట్టెలో పది రూపాయల చిక్కీలు 10, రెండు రకాల 200 గ్రాముల ప్యాకెట్లు ఒక్కొక్కటి, బెల్లం పొడి అర కిలో, 200 మిల్లీలీటర్ల నూనె సీసా ఉంటాయి. దీనికి డబ్బు అక్కర్లేదు, కొరియర్ ఖర్చు కూడా మాదే, ఆర్డర్ ఇచ్చి తీరాలన్న షరతూ లేదు. మీరు రుచి చూడడంతో ఆపకండి. ఆ పది చిక్కీలను మీ లైన్‌లో మీకు బాగా తెలిసిన రెండు మూడు కొట్ల వాళ్లకు ఇచ్చి ఏమంటారో అడగండి. నూనెను ఇంట్లో ఒక పూట తాలింపుకు వాడి చూడమనండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఒక్క మాట చెప్పండి, అది కూడా మాకు అవసరమే.

శాంపిల్ కావాలంటే ఈ ఉత్తరం వచ్చిన నంబరుకే వాట్సాప్‌లో మీ ఫర్మ్ పేరు, చిరునామా, మీ లైన్ వెళ్లే ఊళ్లు రాసి పంపండి. అడిగిన మూడు పని దినాల్లో పెట్టె పంపిస్తాం. ఫిబ్రవరి 15న శివరాత్రి. శ్రీకాళహస్తికి ఆ వారంలో వచ్చే జనం మీకు తెలిసిందే. ఆ ప్రాంతం వాళ్లు జనవరి 28లోపు అడిగితే శాంపిల్ చూసుకుని, ఆర్డర్ ఇచ్చి, పండగకు ముందే కొట్లలో వేసుకునే వీలుంటుంది. యూనిట్ చూడాలనుకుంటే ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 లోపు రండి. ఉదయం పూట వస్తే పాకం పట్టడం, గానుగ ఆడడం రెండూ చూడొచ్చు.

ఇట్లు,
జి. హేమలత
నీవాతీరం ఫుడ్స్, పెనుమూరు రోడ్డు, చిత్తూరు

జత: ధరల పట్టిక ఒక పేజీ, ప్యాకెట్ల ఫోటోలు